రాడ్ జారేది ఎక్కడ?

జిమ్‌లో డెడ్‌లిఫ్ట్ చేసే మూల కాసేపు నిలబడి చూడండి. రాడ్ నేల మీంచి బాగానే లేస్తుంది, మోకాళ్లు కూడా దాటుతుంది. ఇంకో జానెడు లేపితే కుర్రాడు నిటారుగా నిలబడతాడు. సరిగ్గా అప్పుడే ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే విచ్చుకుంటాయి. రాడ్ ఒక పక్కకు ఒరిగి దబ్బున కింద పడుతుంది. నడుములో ఇంకా సత్తువుంది, తొడలు వణకనే లేదు, పట్టు మాత్రం పోయింది. పక్కన ఉన్న సీనియర్ "స్ట్రాప్ కట్టుకో తమ్ముడూ" అంటాడు. అవతలి బెంచీ మీద కూర్చున్న ఇంకో ఆయన "స్ట్రాప్ అలవాటు చేసుకున్నావంటే నీ పట్టు ఇక పెరగదు, చూస్కో" అంటాడు. ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. మీ విషయంలో ఎవరి మాట చెల్లుతుందో తేలాలంటే, ముందు రాడ్ చేతిలోంచి ఎలా జారుతుందో తెలియాలి.

వేళ్లను ముడిచే పెద్ద కండలు వేళ్లలో ఉండవు. మోచేతి దగ్గర నుంచి ముంజేయి పొడవునా ఉంటాయి. అక్కడి నుంచి సన్నటి తాళ్లలాంటి స్నాయువులు మణికట్టు కింద ఉన్న ఇరుకు దారిలోంచి వచ్చి వేళ్ల ఎముకలకు అతుక్కుంటాయి. అందుకే మణికట్టు ఏ భంగిమలో ఉందన్నదాన్ని బట్టి పట్టు మారుతుంది. చేతిని మణికట్టు దగ్గర పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి. ఎంత ప్రయత్నించినా పిడికిలి గట్టిగా బిగియదు, ఎందుకంటే ఆ కండలు అప్పటికే కురచబడి ఉన్నాయి, ఇంకా ముడుచుకునే చోటు వాటికి లేదు. మణికట్టు తిన్నగా గానీ, కాస్త వెనక్కి వంగి గానీ ఉన్నప్పుడే పిడికిలి బలంగా ఉంటుంది. బరువు ఎత్తేటప్పుడు మణికట్టు లోపలికి తిప్పి రాడ్‌ను "గట్టిగా" పట్టుకున్నామనుకునేవాళ్లు తమ పట్టును తామే తగ్గించుకుంటున్నారన్నమాట.

ఇక జారడం సంగతి. రెండు అరచేతులూ ఒంటివైపు ఉండేలా రాడ్ పట్టుకున్నప్పుడు, బరువు కిందికి లాగుతుంటే రాడ్ వేళ్ల కొసలవైపు దొర్లాలని చూస్తుంది. దాన్ని ఆపేవి రాడ్ మీద చెక్కిన గరుకు గీతలు, ముడిచిన నాలుగు వేళ్లు, వాటి మీద అడ్డంగా పడిన బొటనవేలు. ఈ మూడింట్లో మొదట ఓడిపోయేది సాధారణంగా బొటనవేలే. అది పక్కకు తప్పుకోగానే రాడ్ అరంగుళం దొర్లుతుంది. అరంగుళం దొర్లిన రాడ్ వేళ్ల మొదటి కణుపుల మీద నుంచి చివరి కణుపుల మీదికి వచ్చినట్టే, అక్కడ దాన్ని ఆపడం ఇంకా కష్టం. అందుకే పట్టు పోవడం మొదలైతే చివరి సెకనులో తిరిగి బిగించడం దాదాపు ఎవరివల్లా కాదు.

ఇందులో ఒక చిన్న కిటుకు ఉంది, చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. రాడ్‌ను అరచేతి మధ్యలో పెట్టి పిడికిలి మూస్తారు. బరువు లేవగానే అది ఎలాగూ వేళ్ల మొదళ్లకే జారుతుంది, జారుతూ అక్కడి చర్మాన్ని మడతపెట్టి నలిపేస్తుంది. మొదటే రాడ్‌ను వేళ్ల మొదళ్ల దగ్గర, అరచేయి వేళ్లతో కలిసే గీత మీద ఆనించి పట్టుకుంటే జారాల్సిన దూరం ముందే అయిపోతుంది. నీళ్లతో నిండిన బకెట్‌ను మోసేవాళ్లు కాడను ఎక్కడ పట్టుకుంటారో చూడండి, అరచేతి మధ్యలో పట్టుకోరు.

కండల సంగతికి వెళ్లేముందు రాడ్‌ను కూడా ఓసారి అనుమానించాలి. పోటీల్లో మగవాళ్లు వాడే రాడ్ మందం దాదాపు 28, 29 మిల్లీమీటర్లు. ఆడవాళ్ల వెయిట్‌లిఫ్టింగ్ రాడ్ 25 మిల్లీమీటర్లు. మన వీధి చివరి జిమ్‌లో రాడ్ ఇంతకంటే లావుగా ఉండటం, గరుకు గీతలు అరిగి నున్నబడటం కొత్తేమీ కాదు. ఒక దారాన్ని రాడ్ చుట్టూ ఒక్క చుట్టు చుట్టి స్కేలు మీద కొలవండి. తొమ్మిది సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటే అది మామూలు రాడ్. పది దాటితే రాడ్ 32 మిల్లీమీటర్లకు చేరినట్టు, దాని మీద మీ పట్టు త్వరగా పోవడంలో ఆశ్చర్యం లేదు. చేతులు చిన్నవైన ఆడవాళ్లకు ఈ కొద్ది తేడాయే చాలా పెద్దది. ఎందుకంటే బొటనవేలు చుట్టూ తిరిగి చూపుడువేలి మీదికి చేరాలి, లావు రాడ్ మీద అది చేరదు.

రెండో అనుమానం చెమట మీద. విజయవాడలో మే నెలలో ఏసీ లేని జిమ్‌లో పొడి చేతితో రాడ్ పట్టుకోవడం జరిగే పని కాదు. దీనికి మందు మెగ్నీషియం కార్బొనేట్, జిమ్‌వాళ్లు చాక్ అనే తెల్లపొడి. అది తేమను పీల్చి చర్మానికీ రాడ్‌కీ మధ్య రాపిడి పెంచుతుంది. కొందరు ముఖానికి పూసుకునే టాల్కమ్ పౌడర్ రాస్తారు. అది చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం. డెడ్‌లిఫ్ట్ పోటీల్లో రాడ్ తొడలకు రాసుకుపోకుండా జారాలని తొడల మీద చల్లుకునేది ఆ పౌడర్‌నే. నేల పాడవుతుందని ఓనరు చాక్ వద్దంటే సీసాలో వచ్చే ద్రవ చాక్ వాడవచ్చు. అందులోని ఆల్కహాల్ ఆరిపోయాక చేతుల మీద పొడి మిగులుతుంది, నేల మీద పడదు. గ్లోవ్స్ మాత్రం ఈ పనికి పనికిరావు. గుడ్డ మందం రాడ్‌ను ఇంకా లావు చేస్తుంది, పైగా గుడ్డ లోపల చెయ్యి విడిగా జారుతుంది.

రాడ్ సరైనదే, చేతులు పొడిగానే ఉన్నాయి, అయినా జారుతోందనుకుందాం. ఇప్పుడు వేయాల్సిన ప్రశ్న: నా పట్టు నిజంగా నన్ను ఆపుతోందా? దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. ఒక రోజు మీ మామూలు బరువును స్ట్రాప్ లేకుండా ఎన్నిసార్లు ఎత్తగలరో చూడండి. నాలుగైదు రోజులు గడిచాక అదే బరువును స్ట్రాప్ కట్టుకుని ఎత్తండి. స్ట్రాప్‌తో ఒకటి మాత్రమే ఎక్కువ వస్తే మిమ్మల్ని ఆపుతున్నది పట్టు కాదు, నడుమో తొడలో. అప్పుడు పట్టు మీద సమయం పెట్టడం వృథా. మూడు నాలుగు ఎక్కువ వస్తే పట్టు వెనకబడిందని తేలింది.

ఒక మనిషిని ఊహించుకుని లెక్క వేద్దాం. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, ఒంటి బరువు 78 కేజీలు, రెండేళ్లుగా జిమ్‌కి వెళ్తున్నాడు. పనిదినాల్లో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. డెడ్‌లిఫ్ట్‌లో 120 కేజీలను రెండు అరచేతులూ ఒంటివైపు పెట్టి నాలుగుసార్లు ఎత్తుతాడు, అయిదోసారి రాడ్ జారుతుంది. స్ట్రాప్‌తో అదే బరువు ఎనిమిదిసార్లు వస్తుంది. పుల్‌అప్స్ ఏడు చేస్తాడు, పుల్‌అప్ రాడ్‌కి ఊరికే వేలాడితే 35 సెకన్లకు వేళ్లు వదిలేస్తాయి. అతని సమస్య స్పష్టంగా పట్టుదే. ఇతనికి ఇంకో మూడు నెలలపాటు నాలుగు రెప్స్ దగ్గరే ఆగమని చెబితే, పట్టు పెరిగేదాకా నడుము, తొడలు ఎదగకుండా కూర్చుంటాయి. అలాగని మొదటి సెట్ నుంచీ స్ట్రాప్ కట్టమంటే నడుము పెరుగుతుంది, పట్టు ఇక్కడే ఉండిపోతుంది, ఏడాది తిరిగేసరికి రెంటి మధ్య దూరం ఇంకా పెరుగుతుంది.

కాబట్టి అతని సోమవారం ఇలా ఉండొచ్చు. 60 కేజీలు అయిదుసార్లు, 80 అయిదుసార్లు, 100 మూడుసార్లు, అన్నీ చాక్ రాసుకుని స్ట్రాప్ లేకుండా. తర్వాత 120ని స్ట్రాప్ లేకుండానే నాలుగుసార్లు, అంటే జారడానికి కాస్త ముందే ఆపేయాలి. జారేదాకా వెళ్లడం వల్ల వచ్చే అదనపు లాభం తక్కువ, రాడ్ ఒక పక్కకు ఒరిగి పడినప్పుడు నడుము మెలిపడే ప్రమాదం ఎక్కువ. ఇక మిగిలిన రెండు సెట్లు స్ట్రాప్ కట్టుకుని 120ని ఆరేసిసార్లు. అక్కడితో నడుముకు, తొడలకు కావాల్సిన పని పూర్తయింది. చివర్లో పట్టు కోసం ప్రత్యేకంగా ఒక పని: రాడ్ మీద 90 కేజీలు పెట్టి, స్ట్రాప్ లేకుండా ఒక్కసారి ఎత్తి, నిటారుగా నిలబడి 15 సెకన్లు పట్టుకుని నిలవాలి. రెండు నిమిషాలు ఆగి మళ్లీ, ఇలా మూడుసార్లు.

ఈ నిలిపి ఉంచడమే ఎందుకంటే, డెడ్‌లిఫ్ట్‌లో వేళ్లు చేసే పని అదే కనుక. వేళ్లు అక్కడ ముడుచుకుంటూ విచ్చుకుంటూ ఉండవు, ముడిచిన చోటే బిగిసి ఉంటాయి. బజారులో దొరికే స్ప్రింగ్ గ్రిప్పర్ నొక్కడం వేరే నైపుణ్యం, అందులో వేళ్లు పూర్తిగా తెరుచుకుని మూసుకుంటాయి. ప్లేటును బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య చిటికెలా పట్టుకోవడం మూడోది. గ్రిప్పర్‌లో మొనగాడైనవాడికి డెడ్‌లిఫ్ట్‌లో రాడ్ జారడం నేను చూశాను. సరదాకి నొక్కుకోవచ్చు గానీ, డెడ్‌లిఫ్ట్ పట్టు కావాలంటే డెడ్‌లిఫ్ట్ రాడ్‌నే పట్టుకుని నిలబడటం దగ్గరి దారి.

మూడుసార్లూ 15 సెకన్లు తడబడకుండా వస్తే వచ్చే వారం రెండున్నర కేజీలు పెంచాలి. రాకపోతే బరువు అలాగే ఉంచి మళ్లీ ప్రయత్నించాలి. ఎనిమిది వారాల్లో అంతా సజావుగా సాగినా బరువు 110 దాటదు. ఇది నెమ్మదిగా అనిపిస్తుంది, నెమ్మదిగానే ఉండాలి. కండ వారాల్లో ఎదుగుతుంది, దాన్ని ఎముకకు పట్టి ఉంచే స్నాయువుకు అంతకంటే ఎక్కువ కాలం కావాలి. తొందరపడి రోజూ గ్రిప్పర్, రోజూ వేలాడటం, రోజూ మణికట్టు వ్యాయామాలు కలిపేసుకున్నవాళ్లకు మొదట నొప్పి వచ్చేది చేతిలో కాదు, మోచేతి లోపలివైపు ఉండే ఎముక బుడిపె దగ్గర. వేళ్లను ముడిచే కండల్లో చాలావాటి మొదలు అక్కడే. తడిబట్ట పిండేటప్పుడు, నిండు బిందె ఎత్తేటప్పుడు, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇచ్చేటప్పుడు అక్కడ చురుక్కుమంటే పట్టు పని రెండు మూడు వారాలు సగానికి తగ్గించాల్సిందే. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి పిడికిలి ముడవడానికి రాకపోవడం కూడా అలాంటి సూచనే. చిటికెనవేలు తిమ్మిరెక్కుతూ ఉంటే మాత్రం ఇంట్లో తేల్చుకునే సంగతి కాదు, డాక్టరుకు చూపించాలి.

అతని గురువారం పుల్‌అప్స్‌ది. పుల్‌అప్స్ పూర్తయ్యాక రాడ్‌కి వేలాడటం, 20 సెకన్లు, మూడుసార్లు. వారానికి అయిదేసి సెకన్లు పెంచుకుంటూ నిమిషం దాకా వెళ్లాలి. అలసట లేకుండా ఉన్నప్పుడు 35 సెకన్లు వేలాడగలిగినవాడిని పుల్‌అప్స్ తర్వాత 20తో మొదలుపెట్టమనడంలో కొంత జాగ్రత్త ఉంది. మొదటి రోజే వేళ్లు విచ్చుకునేదాకా వేలాడితే రెండో రోజుకు అరచేతి చర్మం సహకరించదు.

ఎనిమిది వారాలయ్యాక మొదటి పరీక్షే మళ్లీ పెట్టాలి. స్ట్రాప్ లేకుండా 120 ఎన్నిసార్లు, స్ట్రాప్‌తో ఎన్నిసార్లు. తేడా నాలుగు నుంచి రెండుకో ఒకటికో తగ్గితే పట్టు అందుకుందన్నమాట. ఇక నిలిపి ఉంచే పనిని రెండు వారాలకోసారి చేసుకున్నా సరిపోతుంది. ఈలోగా నడుము కూడా పెరిగి స్ట్రాప్‌తో పది వస్తుంటే, స్ట్రాప్ లేకుండా ఏడు వస్తుంటే, తేడా పెద్దగా తగ్గలేదని నిరాశ అక్కర్లేదు. నాలుగు ఏడైంది. ఆ పట్టు అతనిదే.

స్ట్రాప్ దాకా వెళ్లేముందు ప్రయత్నించదగ్గ పట్టులు ఇంకో రెండున్నాయి. ఒకటి మిక్స్‌డ్ గ్రిప్, ఒక అరచేయి ఒంటివైపు, రెండోది బయటివైపు. ఒక చేతిలోంచి బయటికి దొర్లాలని చూసే రాడ్ రెండో చేతిలోకి దొర్లుతుంది గనుక దొర్లడమే ఆగిపోతుంది. అందుకే ఇలా పట్టుకున్న క్షణం నుంచే పది ఇరవై కేజీలు అదనంగా లేస్తాయి. పవర్‌లిఫ్టింగ్‌లో ఎక్కువగా కనిపించేదీ ఇదే. దీని వెల ఏమిటంటే, బయటికి తిప్పిన చేతిలో మోచేతి ముందున్న బైసెప్స్ స్నాయువు మీద ఒత్తిడి పడుతుంది. డెడ్‌లిఫ్ట్‌లో ఆ స్నాయువు తెగిన సందర్భాలు చాలావరకు అరచేయి బయటికి తిప్పిన వైపువే. తెగడం అరుదే. కానీ మోచెయ్యిని కాస్త ముడిచి చేత్తో లాగే అలవాటు ఉన్నవాళ్లు ఈ పట్టు జోలికి వెళ్లకపోవడం మంచిది. చేతులు తాళ్లలా తిన్నగా వేలాడాలి, ఎత్తడం కాళ్ల పని. సెట్‌కీ సెట్‌కీ చేతులు మార్చుకుంటే భుజాలు ఒకవైపే మెలితిరగవు.

రెండోది హుక్ గ్రిప్. బొటనవేలిని రాడ్ చుట్టూ తిప్పి, దాని మీద చూపుడువేలు, నడిమివేలు బిగించడం. మామూలు పట్టులో బొటనవేలు పైన ఉండి ముందు ఓడిపోతుందని చెప్పుకున్నాం కదా, ఇక్కడ అది కింద ఇరుక్కుంటుంది, తప్పుకునే దారే ఉండదు. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చిన వెయిట్‌లిఫ్టింగ్‌లో దాదాపు అందరిదీ ఇదే పట్టు. ఆ క్రీడలో పోటీ వేదిక మీద స్ట్రాప్‌లు నిషిద్ధం, రాడ్‌ను విసురుగా లాగాలి కూడా, అందుకే వేరే దారి లేదు. కష్టం ఏమిటంటే మొదటి మూడు నాలుగు వారాలు బొటనవేలు విపరీతంగా నొప్పెడుతుంది. తేలిక బరువులతో, సగం సెట్లకే ఇలా పట్టుకుంటూ వెళ్తే చర్మం, గోరు కింది భాగం అలవాటుపడతాయి. బొటనవేలి చుట్టూ సాగే పలచని టేపు చుడితే కాస్త నయం. పోటీలకు వెళ్లే ఉద్దేశం లేనివాడు ఈ బాధ పడి తీరాలా అంటే, నా లెక్కలో అక్కర్లేదు.

అక్కడే స్ట్రాప్ న్యాయంగా రంగంలోకి వస్తుంది. 2016లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఎడ్డీ హాల్ 500 కేజీలు నేల మీంచి ఎత్తినప్పుడు స్ట్రాప్‌లు కట్టుకునే ఎత్తాడు, స్ట్రాంగ్‌మన్ పోటీల్లో వాటికి అనుమతి ఉంది. అతని పట్టు బలహీనమని ఎవరూ అనరు. పవర్‌లిఫ్టింగ్‌లో అవి నిషిద్ధం. కాబట్టి స్ట్రాప్ మోసమా కాదా అన్నది ఏ పోటీ, ఏ నియమం అన్నదాన్ని బట్టి ఉంటుంది. పోటీయే లేని మనిషికి ఆ ప్రశ్నే లేదు. అతను వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: ఈ సెట్ ఎవరి కోసం చేస్తున్నాను, నడుము కోసమా, చేతి కోసమా?

రొమేనియన్ డెడ్‌లిఫ్ట్‌లో పది పన్నెండు రెప్స్ చేస్తున్నప్పుడు రాడ్ ఎక్కడా నేలకు ఆనదు, చేతికి క్షణం విరామం దొరకదు. తొడల వెనక కండలు ఇంకా మండకముందే వేళ్లు వదిలేస్తాయి. అక్కడ స్ట్రాప్ కట్టడంలో ఏ తప్పూ లేదు. ఎక్కువ సెట్లు చేసే రోజున చివరి సెట్లకు, అరచేతి చర్మం చిరిగినప్పుడు, మోచేతి నొప్పి తగ్గేదాకా, మిక్స్‌డ్ గ్రిప్ బైసెప్స్‌కు భయంగా ఉన్నప్పుడు కూడా అంతే. వేలు పోగొట్టుకున్నవాళ్లు, కీళ్లవాతం ఉన్నవాళ్లు, పొద్దస్తమానం సుత్తో పారో పట్టి సాయంత్రం జిమ్‌కు వచ్చేవాళ్లు మొదటి సెట్ నుంచీ కట్టుకున్నా నేను వద్దనను. స్ట్రాప్ వద్దనేది మూడు చోట్ల. వార్మప్ సెట్లలో, ఎందుకంటే పట్టుకు ఉచితంగా దొరికే సాధన అదే. జిమ్‌లో చేరిన మొదటి కొన్ని నెలల్లో, ఎందుకంటే అప్పుడు నడుమూ పట్టూ కలిసే ఎదుగుతాయి. క్లీన్ చేసేటప్పుడు అసలే వద్దు, రాడ్ భుజాల మీదికి వచ్చాక చెయ్యి వదిలించుకోలేకపోతే మణికట్టు విరగవచ్చు. పోటీకి వెళ్లే పవర్‌లిఫ్టర్ అయితే పోటీ దగ్గరపడే కొద్దీ పెద్ద బరువులన్నీ స్ట్రాప్ లేకుండానే ఎత్తాలి.

కట్టే తీరు చాలామందికి తప్పుతుంది. మామూలు కాటన్ స్ట్రాప్ ఒక చివర ఉన్న కన్నంలోంచి రెండో చివరను దూర్చితే ఉచ్చులా తయారవుతుంది. అందులో చెయ్యి పెట్టి, ఉచ్చును మణికట్టు ఎముక కిందికి, అరచేతి మొదలు దగ్గరికి తీసుకురావాలి, తోక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి కిందికి వేలాడాలి. ఆ తోక రాడ్‌కీ ఒంటికీ మధ్యనుంచి కిందికి దిగి, రాడ్ కిందుగా ముందుకు వచ్చి, పైనుంచి మళ్లీ లోపలికి చుట్టుకోవాలి. అంటే బొటనవేలు తిరిగే దిక్కులో, మిగతా వేళ్లకు ఎదురుదిక్కులో. ఒకటి రెండు చుట్లు చాలు. తర్వాత తోక మీద చెయ్యి మూసి, రాడ్‌ను కాస్త మీవైపు తిప్పితే స్ట్రాప్ బిగుస్తుంది. వేళ్ల దిక్కులోనే చుట్టితే బరువు లేవగానే అంతా విప్పుకుంటుంది, అప్పుడు "ఈ స్ట్రాప్ నాసిరకం" అని దుకాణాన్ని తిట్టుకుంటారు. స్ట్రాప్ కట్టినా పిడికిలి బిగించే ఉండాలి, వేళ్లు వదులుగా వేలాడేస్తే బరువంతా మణికట్టు చర్మాన్ని కోస్తుంది. డెడ్‌లిఫ్ట్‌కు నైలాన్ కంటే కాటన్ నయం, చెమటలో జారదు.

పుల్‌అప్స్ దగ్గర లెక్క కొంచెం మారుతుంది. ఇక్కడ బరువు మీ ఒళ్లే, అది రోజూ రెండున్నర కేజీలు పెరగదు. ఎనిమిది పుల్‌అప్స్ చేయడానికి దాదాపు అర నిమిషం పడుతుంది. నిమిషం వేలాడగలిగినవాడికి ఆ అర నిమిషం పట్టు సరిపోతుంది. కాబట్టి నిమిషం వేలాడుతూ కూడా నాలుగు పుల్‌అప్స్ దగ్గర ఆగిపోతుంటే పట్టును నిందించకండి, వీపు ఇంకా రావాలి. పావు నిమిషానికే వేళ్లు విచ్చుకుంటుంటే మాత్రం పుల్‌అప్స్ లెక్కపెట్టడం మాని ముందు వేలాడటం నేర్చుకోవాలి. బరువు తగ్గించుకుని వేలాడాలనుకుంటే కింద స్టూలు పెట్టి ఒక కాలి వేళ్లు ఆనిస్తే చాలు.

నిమిషం దాటాక సెకన్లు పెంచడంలో పెద్ద లాభం లేదు, కష్టం పెంచాలి. రాడ్ మీద రెండు చేతి తువ్వాళ్లు వేసి, వాటి కొసలు కలిపి పట్టుకుని వేలాడటం ఖర్చులేని దారి. తువ్వాలు లావుగా, మెత్తగా ఉంటుంది, దాన్ని నలిపి పట్టుకోవాల్సి వస్తుంది, నిమిషం వేలాడేవాడు మొదటిరోజు పదిహేను సెకన్లకే దిగిపోతాడు. తువ్వాలు పాతది కాకుండా, కుట్లు ఊడకుండా ఉందో లేదో ముందు చూసుకోండి, చిరిగితే వెల్లకిలా పడతారు.

పుల్‌అప్స్‌లో చేతిని రాడ్ మీద పెట్టే తీరులో కూడా అదే తప్పు కనిపిస్తుంది, అరచేతి మధ్యలో పెట్టి మూయడం. అందుకే వేళ్ల మొదళ్ల దగ్గర చర్మం మడతపడి కాయలు కాస్తాయి. కాయలు చెడ్డవి కావు, అవి ఎత్తుగా లేచి అంచులు కట్టినప్పుడే చిరుగుతాయి. స్నానం తర్వాత చర్మం మెత్తగా ఉన్నప్పుడు మడమలు రుద్దుకునే రాయితో వారానికోసారి చుట్టూ ఉన్న చర్మానికి సమంగా అరగదీస్తే సరి. మొత్తం తీసేయకూడదు, బ్లేడుతో కోయడం అసలే వద్దు. అయినా చిరిగితే నాలుగైదు రోజులు వేలాడటం మాని డెడ్‌లిఫ్ట్‌కు స్ట్రాప్ కట్టుకోండి, చీలిన చర్మం మీద పట్టు సాధన చేయడంలో వీరత్వమేమీ లేదు.

పుల్‌అప్స్‌కు స్ట్రాప్ కట్టే సందర్భాలు తక్కువ. నడుముకు బరువు వేలాడదీసుకుని, వీపు కోసమే చాలా సెట్లు చేసేవాళ్లకు చివరి సెట్లలో అది పనికొస్తుంది, మోచేతి నొప్పి ఉన్నవాళ్లకూ పనికొస్తుంది. ఇరవై సెకన్లు కూడా వేలాడలేనివాడు దాన్ని కట్టుకుంటే, తనకు లేనిదాన్ని సంపాదించుకునే అవకాశాన్నే వదులుకున్నట్టు. కట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. నేల మీది రాడ్‌ను వదలాలంటే కిందికి దించితే చాలు, తల పైనున్న రాడ్‌కి చేతులు కట్టేసి ఉన్నప్పుడు అలసిపోతే అలాగే వేలాడుతూ ఉండాల్సి వస్తుంది. అందుకని పాదాలకు అందేంత ఎత్తున్న స్టూలు ముందే కింద పెట్టుకుని, దాని మీద నిలబడే స్ట్రాప్ చుట్టుకోవాలి, దాని మీదికే దిగి విప్పుకోవాలి.